నలభై ఏళ్ల మనిషికి రెండు గడులు

ఒక ఊరి గ్రంథాలయం అనుకుందాం. పొద్దున్నే పేపర్ల కోసం వచ్చినవాళ్లంతా బల్ల చుట్టూ చేరారు. అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాలతో ఒక డిగ్రీ కుర్రాడు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి వివరాలు రాసుకుంటున్నాడు. ఏ వయసువాళ్లు ఎక్కువగా వస్తున్నారో తెలిస్తే ఏ పుస్తకాలు తెప్పించాలో తేలుతుందని ఈ సర్వే. వయసు దగ్గర నాలుగు గడులున్నాయి: 20-30, 30-40, 40-50, 50 పైన.

"వయసెంత రాయమంటారు సార్?"

"నలభై."

కుర్రాడి పెన్ను రెండు గడుల మధ్య ఆగింది. "30-40లో పెట్టమంటారా, 40-50లోనా?"

"నన్నడిగితే ఎలా బాబూ? కాగితం నీది."

"ఏదైనా ఒకటేలెండి" అని కుర్రాడు దగ్గరగా ఉన్న గడిలో టిక్కు పెట్టి ముందుకు కదిలాడు.

ఒకటి కాదు. ఎంత తేడా వస్తుందో ఇదే గ్రంథాలయంలో లెక్క వేసి చూడొచ్చు. ఇరవై నిండినవారు మొత్తం 200 మందిని అడిగారనుకుందాం. వాళ్ల అసలు వయసులు ఇలా ఉన్నాయి: 20 నుంచి 29 వరకు 58 మంది, సరిగ్గా 30 ఏళ్లవారు 16, 31 నుంచి 39 వరకు 40, సరిగ్గా 40 ఏళ్లవారు 20, 41 నుంచి 49 వరకు 36, సరిగ్గా 50 ఏళ్లవారు 12, ఆ పైన 18 మంది.

ఇప్పుడు 30-40 గడిలో ఎంతమంది పడతారు? ముప్పై ఏళ్లవాళ్లంతా కింది గడిలోకి, నలభై ఏళ్లవాళ్లంతా పై గడిలోకి పోతే మిగిలేది 40 మంది, అంటే నూటికి 20. రెండు అంచులవాళ్లూ ఈ గడిలోకే వస్తే 76 మంది, నూటికి 38. అడిగినవాళ్లు వాళ్లే, వాళ్లు చెప్పిన వయసులూ అవే. ఎవరూ అబద్ధమాడలేదు. టిక్కు పెట్టిన చెయ్యి ఎటు వాలిందన్న ఒక్క కారణంతో జవాబు దాదాపు రెట్టింపయింది. సక్రమంగా 30-39 అని గడి గీసి ఉంటే అందులో 56 మంది, అంటే నూటికి 28 తేలేవారు.

కాగితాన్ని చదువరుల చేతికే ఇచ్చి నింపమంటే ఇంకో తమాషా జరుగుతుంది. నలభై ఏళ్ల మనిషి నిజాయితీపరుడైతే రెండు గడుల్లోనూ టిక్కు పెడతాడు. 30, 40 ఏళ్లవాళ్లంతా అలా పెడితే 200 మందికి 236 టిక్కులు తేలతాయి, శాతాలు కూడితే నూరు దాటిపోతుంది. నిజానికి ఇది మేలైన ప్రమాదం. ఎందుకంటే తప్పు బయటపడింది. ఒక్కొక్కరూ ఒక్కో టిక్కే పెట్టినప్పుడు మొత్తం సరిగ్గా 200 వస్తుంది, పట్టిక ముచ్చటగా ఉంటుంది, లోపలి తప్పు ఎవరి కంటా పడదు.

సరిగ్గా 30, సరిగ్గా 40 ఏళ్లవాళ్లు అంతమంది ఎక్కడుంటారు, లెక్క కోసం పెంచి చెప్పారు అనిపించవచ్చు. ఉంటారు. మన దేశంలో వయసు అడిగితే చాలామంది "నలభై ఉంటాయండీ", "నలభై అయిదు అనుకుంటా" అనే చెబుతారు. నలభై మూడు అనో ముప్పై ఎనిమిది అనో చెప్పేవాళ్లు తక్కువ. పుట్టిన తేదీ కాగితం మీద లేని తరాల్లో ఇది మరీ ఎక్కువ. జనాభా శాస్త్రం చదివినవాళ్లకు ఇది పాత సంగతే. సున్నాతోనూ అయిదుతోనూ ముగిసే వయసుల దగ్గర జనం పోగుపడటాన్ని కొలవడానికి విపుల్ సూచిక అని ఒక కొలత ఉంది. 23 నుంచి 62 వరకు ఉన్న నలభై వయసుల్లో 25, 30, 35 ఇలా 60 దాకా సున్నాతోనో అయిదుతోనో ముగిసేవి ఎనిమిది, అంటే అయిదో వంతు. జనంలో కూడా అయిదో వంతే ఆ వయసులు చెబితే సూచిక 100 వస్తుంది. అందరూ ఆ వయసులే చెబితే 500 వస్తుంది. 100కు ఎంత పైకి పోతే వయసులు అంత ఉజ్జాయింపుగా చెప్పారన్నమాట.

ఇప్పుడు 20-30, 30-40 గడులను మళ్లీ చూడండి. గీత గీసింది సరిగ్గా జనం పోగుపడే చోటే. 27 దగ్గరో 33 దగ్గరో గడులు ఒకదాని మీదికొకటి వచ్చినా ఇంత నష్టం ఉండేది కాదు. గుండ్రటి సంఖ్య చూడ్డానికి బాగుంటుందని ఫారం రాసినవాళ్లు 30ని ఎంచుకున్నారు, అదే కారణంతో వయసు చెప్పినవాళ్లూ 30నే ఎంచుకున్నారు.

ఫారం రాసేవాళ్లకు ఈ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చింది? పదో తరగతి లెక్కల పుస్తకం నుంచి అని చెబితే మాస్టార్లకు కోపం రావచ్చు గానీ నిజం అదే. సాంఖ్యక శాస్త్రం పాఠంలో మార్కులకో బరువులకో 10-20, 20-30, 30-40 అని తరగతులు రాస్తారు. అక్కడ ఒక నియమం కూడా చెబుతారు: పై హద్దు ఆ తరగతికి చెందదు, 20 వచ్చిన పిల్లవాణ్ణి 20-30లో వెయ్యాలి. కాబట్టి ఆ పట్టికలో తప్పేమీ లేదు. సంఖ్యలన్నీ ముందే చేతిలో ఉన్న మనిషి, నియమం తెలిసిన మనిషి, వాటిని తనంతట తాను సర్దుకోవడానికి అది సరిపోతుంది. సర్వే ఫారం సంగతి వేరు. అక్కడ సర్దేవాడు జవాబు చెప్పే మనిషి. పదో తరగతి చదివి పాతికేళ్లయినవాడూ, బడి ముఖం చూడనివాడూ అందులో ఉంటారు. "పై హద్దు చేరదు" అన్న నియమం అతని కాగితం మీద ఎక్కడా రాసి ఉండదు. పట్టిక వేసుకునే పద్ధతిని ప్రశ్న అడిగే పద్ధతిగా వాడటమే అసలు పొరపాటు.

అంచున ఉన్న మనిషి మరి ఎక్కడికి చెందుతాడు? దీనికి జవాబు మన వాడుక మాటలోనే ఉంది. తెలుగులో వయసు రెండు రకాలుగా చెబుతారు: నిండినవి, నడుస్తున్నవి. "ముప్పై తొమ్మిది నిండి నలభై నడుస్తోంది" అనే మనిషి ఒక చోట 39 అనీ, ఇంకో చోట 40 అనీ చెప్పవచ్చు, రెండూ అబద్ధం కాదు. "నలభయ్యో పడిలో పడ్డాను" అన్నవాడి వయసు ఎంతో పక్కనున్నవాడు కచ్చితంగా చెప్పలేడు. జనాభా లెక్కల్లో ఈ గందరగోళానికి తావు లేకుండా అడిగేది నిండిన ఏళ్లే. అంటే కిందటి పుట్టినరోజుకు ఎన్ని పూర్తయితే అన్ని. 39 ఏళ్ల 11 నెలల మనిషి కూడా 39లోనే ఉంటాడు.

ఈ ఒక్క మాట ఖాయం చేసుకుంటే గడులు వాటంతట అవే సర్దుకుంటాయి. మన జనాభా లెక్కల పట్టికల్లో 0-4, 5-9, 10-14 అని అయిదేళ్ల గ్రూపులుంటాయి. 4కూ 5కూ మధ్య ఖాళీ ఉందేమో, నాలుగున్నరేళ్ల పిల్ల ఎటు పోతుంది అని కొందరికి సందేహం. ఖాళీ లేదు. నాలుగున్నరేళ్ల పిల్లకు నిండినవి నాలుగు. అయిదో పుట్టినరోజు తెల్లవారేదాకా ఆమె 0-4లో ఉంటుంది, ఆ రోజు నుంచి 5-9లోకి వస్తుంది. ప్రతి మనిషికీ ఒక గడి ఉంది, ఒక్కటే ఉంది.

జనాభా లెక్కల్లో 0-6 అనే ఇంకో గ్రూపు ఉంది. మగపిల్లలు, ఆడపిల్లల నిష్పత్తి చెప్పేటప్పుడు పత్రికల్లో తరచూ కనబడేది ఇదే. 2011 లెక్కల్లో వెయ్యిమంది మగపిల్లలకు 919 మంది ఆడపిల్లలు అన్నది ఈ వయసువారి మాట. చాలామంది దీన్ని ఆరేళ్లలోపు అని రాస్తారు. అది పొరపాటు. ఆరు నిండి ఏడు నడుస్తున్న పిల్లలూ ఇందులో ఉన్నారు, కాబట్టి తెలుగులో ఏడేళ్లలోపు అనాలి. అక్షరాస్యత లెక్క సరిగ్గా అక్కడి నుంచే, అంటే ఏడు నిండినవారి నుంచే మొదలవుతుంది. పిల్లల గడి ఎక్కడ ముగిసిందో అక్షరాస్యుల గడి అక్కడ మొదలయింది.

నిండిన ఏళ్ల లెక్కలో ఒక మెలిక ఉంది. లెక్కలు బాగా వచ్చినవాళ్లే ఇక్కడ జారుతుంటారు. 20-29, 30-39 లాంటి తరగతులు కనబడగానే వాటి మధ్య ఖాళీని పూడ్చడానికి అర కలపడం, అర తీసెయ్యడం బడిలో నేర్పుతారు. 20-29 కాస్తా 19.5-29.5 అవుతుంది, మధ్య విలువ 24.5 వస్తుంది. దగ్గరి సెంటీమీటరుకు సవరించి రాసిన పొడవులకు ఇది సరైన పద్ధతే, ఎందుకంటే అక్కడ 29.3ను 29 అని, 29.7ను 30 అని రాస్తారు. వయసును అలా సవరించరు. 29 ఏళ్ల 8 నెలలను 30 అని రాయరు, మిగిలిన నెలలను వదిలేసి 29 అనే రాస్తారు. కనుక 20-29 గడిలో నిజంగా ఉన్నది ఇరవయ్యో పుట్టినరోజు నుంచి ముప్పయ్యో పుట్టినరోజు ముందు దాకా, పూర్తి పదేళ్లు. దాని మధ్య విలువ 25. బడి సూత్రం వాడితే సగటు వయసు అరఏడు తగ్గి వస్తుంది. పిల్లల విషయంలో అరఏడు చిన్న తేడా కాదు.

గడుల అంచు సరిగా చెప్పకపోతే సర్వే కాగితం మీదే కాదు, వీధిలో కూడా ఇబ్బంది వస్తుంది. 2022 జనవరి 3న దేశంలో పిల్లలకు కోవిడ్ టీకా మొదలైనప్పుడు అందరి నోటా వినబడిన మాట "15-18 ఏళ్లవారికి" అని. అప్పటికే పెద్దల టీకాలో 18-44 అనే గ్రూపు ఉంది. మరి పద్దెనిమిది నిండిన కుర్రాడు ఎటు? పిల్లల వరసలో అప్పుడు ఇచ్చింది కోవాగ్జిన్ ఒక్కటే, పెద్దల వరసలో వేరే టీకాలూ ఉన్నాయి, కాబట్టి ఈ ప్రశ్న ఉత్తది కాదు. 18 నిండినవాడు పెద్దల వరసలోనే. "15-18" అన్నదానికి అర్థం పద్దెనిమిది నిండనివారని. కానీ రాసిన తీరులో అది కనబడదు.

కింది అంచు ఇంకా చిత్రం. 15 ఏళ్లు అంటూనే, 2007లో గానీ అంతకుముందు గానీ పుట్టినవారంతా అర్హులని మార్గదర్శకాల్లో రాశారు. అంటే 2007 డిసెంబరు 20న పుట్టిన పిల్లకు జనవరి 3 నాటికి నిండినవి పద్నాలుగే అయినా టీకా దొరికింది. ఆమె తర్వాత పదిహేను రోజులకు, 2008 జనవరి 4న పుట్టిన పక్కింటి పిల్లవాడు మాత్రం ఆగాల్సి వచ్చింది. మార్చి 16న 12-14 గ్రూపుకు కార్బివాక్స్ మొదలైనప్పుడు అతని వంతు వచ్చింది. ఈ రెండో గ్రూపును 2008, 2009, 2010 సంవత్సరాల్లో పుట్టినవారని చెప్పారు, అయితే టీకా వేసే నాటికి పన్నెండు నిండి ఉండాలన్నారు. పై అంచు పుట్టిన సంవత్సరాన్ని బట్టి, కింది అంచు పుట్టిన తేదీని బట్టి. పేరు చూస్తే 14కూ 15కూ మధ్య ఏదో ఖాళీ ఉన్నట్టనిపించినా, పుట్టిన సంవత్సరం పట్టుకుంటే 2007, 2008 పక్కపక్కనే ఉన్నాయి, ఒక్క పిల్లా జారిపోలేదు. గడులు నిజానికి సక్రమంగానే గీశారు. వాటికి పెట్టిన పేర్లే తికమక పెట్టాయి.

నిండిన ఏళ్లు అనుకున్నాక కూడా మిగిలే ప్రశ్న ఒకటుంది: నిండేది ఏ రోజున? పుట్టినరోజునే కదా అని అందరూ అనుకుంటారు. ఒక మనిషి ఏప్రిల్ 1న పుడితే అరవయ్యో ఏడు పూర్తయ్యేది మార్చి 31 రాత్రితో. ఆదాయపు పన్ను సీనియర్ సిటిజన్ రాయితీ విషయంలో ఈ తగవు వచ్చింది, ఎందుకంటే ఆర్థిక సంవత్సరం కూడా మార్చి 31తోనే ముగుస్తుంది. పుట్టినరోజుకు ముందు రోజే వయసు నిండినట్టు లెక్క అని 2016లో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు స్పష్టం చేసింది. దాంతో ఏప్రిల్ 1న పుట్టినవారికి ఒక ఏడాది ముందే ఆ రాయితీ దక్కింది.

ఉద్యోగులకు ఇది ఇంకా బాగా తెలుసు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అరవై నిండిన నెల ఆఖరి రోజున రిటైర్ అవుతాడు. కానీ ఒకటో తేదీన పుట్టినవాడు ముందు నెల ఆఖరునే దిగిపోవాలి. జులై 1న పుట్టినాయన జూన్ 30న దండ వేయించుకుంటే, జులై 2న పుట్టినాయన జులై 31 దాకా సంతకం పెడతాడు. ఒక్క రోజు తేడాకు ఒక నెల జీతం. బళ్లో చేర్చే రోజున పంతులుగారు తోచిన తేదీ రాసిన తరంవాళ్లకు, ఆ తోచిన తేదీ ఒకటి అయితే, అరవై ఏళ్లకు గుర్తొస్తుంది! అలాగని చట్టమంతా ఒకే దారిన లేదు. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం పద్దెనిమిదో పుట్టినరోజు మొదలవగానే మేజరు, ముందు రోజు కాదు. సర్వే చేసేవాళ్లు ఈ తగవులోకి దిగనవసరం లేదు. వాళ్లు చేయాల్సింది రెండే: పుట్టినరోజు నుంచి కొత్త వయసు అని అనుకోవడం, ఏ తేదీ నాటికి వయసు లెక్కిస్తున్నారో కాగితం పైన రాయడం. మూడు నెలలు సాగే సర్వేలో మొదటి వారం 39 అన్న మనిషి ఆఖరి వారానికి 40 అవుతాడు.

గడులు చక్కగా గీసినా తీరని చిక్కు ఒకటుంది, అది నిజాయితీగా చెప్పుకోవాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పెద్ద ప్రశ్నావళి 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లకే. ఇంట్లో ఉన్నవాళ్ల పేర్లు, వయసులు ముందు రాసుకుని, ఆ వయసులో ఉన్నవాళ్లను మాత్రం కూర్చోబెట్టి విడిగా అడుగుతారు. అది చాలా సేపు పట్టే పని. వయసు రూఢిగా తెలియని ఒకామె "యాభై ఉంటాయేమో నాయనా" అంటే, ఆ సంఖ్యను పట్టుకుని 50 రాసుకుంటే సర్వే మనిషికి ఒక పని తగ్గుతుంది. ఈ తరహా సర్వేలు జరిగిన చాలా దేశాల్లో ఇది కనబడింది. 49 దగ్గర జనం తగ్గి 50, 51 దగ్గర ఉబ్బుతారు. కింది అంచులో 15 తగ్గి 14 ఉబ్బుతుంది. పట్టుకోవడం కష్టం కాదు: అంచుకు అటూ ఇటూ రెండు మూడు వయసుల్లో ఎంతమంది ఉన్నారో విడివిడిగా లెక్కపెడితే చాలు. మగవాళ్లకు అంచు 54 దగ్గర గనక, వాళ్లలో 49, 50 మధ్య అంత మెట్టు లేకుండా ఆడవాళ్లలోనే ఉంటే వయసు జరిగిందని అనుమానించాలి.

వయసు తెలియనివాళ్లను అడగడానికి పాత పద్ధతి ఒకటుంది, అది ఇప్పటికీ పనిచేస్తుంది. సంఖ్య అడక్కుండా సంఘటన అడుగుతారు. "దివిసీమ ఉప్పెన నాటికి నీకు పెళ్లయిందా అమ్మా?" అని కృష్ణా జిల్లాలో అడిగితే 1977 నవంబరు దగ్గర ఒక మేకు దిగుతుంది. "రామారావుగారు ముఖ్యమంత్రి అయినప్పుడు పెద్దబ్బాయి ఎంతవాడు?" అంటే 1983 జనవరి దగ్గర ఇంకోటి. రెండు మేకుల మధ్య వయసు "నలభై అయిదో, యాభయ్యో" కంటే చాలా మేలుగా తేలుతుంది.

గ్రంథాలయం కుర్రాడి దగ్గరికి మళ్లీ వస్తే, 200 కాగితాలూ నిండిపోయాయి, అసలు వయసు ఎక్కడా రాసుకోలేదు. ఇప్పుడేం చెయ్యాలి? టిక్కులను చూసి ఎవరు 30వారో, ఎవరు 40వారో విడదీయడం ఎవరి తరమూ కాదు. సగం అటు, సగం ఇటు పంచడం ఊహే తప్ప లెక్క కాదు. గడులను కలపడం ఒక్కటే దారి. 20-30, 30-40, 40-50 మూడింటినీ కలిపి ఇరవై నుంచి యాభై అంటే మధ్యలోని రెండు అంచుల గొడవ పోతుంది. యాభై దగ్గరి గొడవ అప్పటికీ ఉంటుంది. "50 పైన" అనే గడి ఉన్న కాగితంలో సరిగ్గా యాభై ఏళ్లవాడు 40-50కి పోతాడా, "పైన" అంటే తననూ కలిపారనుకుంటాడా అన్నది ఎవరూ చెప్పలేరు. "18 లోపు", "18 పైన" అని రాసే ఫారాల్లో ఇదే తప్పు తిరగబడి ఉంటుంది, అక్కడ పద్దెనిమిదేళ్లవాడికి రెండు గడులు కాదు, ఒక్కటీ ఉండదు. "18 నిండనివారు", "18 నిండినవారు" అంటే పని అయిపోతుంది. బాల కార్మికుల చట్టం కూడా పద్నాలుగు నిండనివారు పిల్లలు, పద్నాలుగు నిండి పద్దెనిమిది నిండనివారు కౌమారులు అని ఈ పద్ధతిలోనే గీత గీసింది.

అసలు గడులే లేకుండా "మీకు ఎన్నేళ్లు నిండాయి?" అని అడిగి, వచ్చిన అంకె రాసుకుంటే ఈ బాధలో ముప్పాతిక పోయేది. గ్రూపులు ఇంటికెళ్లాక, తీరిగ్గా, ఎలా కావాలంటే అలా వేసుకోవచ్చు. వయసు చెప్పడానికి జనం మొహమాటపడే చోట మాత్రమే గడులు పనికొస్తాయి.

2027 జనాభా లెక్కలకు మార్చి 1 అర్ధరాత్రి పన్నెండు గంటలను గీటురాయిగా పెట్టారు. ఫిబ్రవరిలో గణకులు మీ ఇంటికి వచ్చి వయసు అడిగితే, నడుస్తున్నది కాదు, నిండినది చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల పుట్టిన తేదీ కాగితం ముందే వెతికి పెట్టుకోండి.